2 శాతం సీడీనా, 30 రోజుల అప్పా: ఏడాది వడ్డీలోకి మార్చి చూస్తే

ప్రశ్న: నరసరావుపేటలో మాకు పీవీసీ పైపులు, ఫిట్టింగుల షాపు ఉందండి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర నెలకు నాలుగు బిల్లులు, ఒక్కోటి బేసిక్ లక్షన్నర, పైన 18 శాతం జీఎస్టీ. ఇన్నాళ్లూ 30 రోజుల అప్పు. ఇప్పుడు బిల్లు రోజునే కడితే బేసిక్ మీద 2 శాతం సీడీ, అంటే క్యాష్ డిస్కౌంట్, ఇస్తానంటున్నాడు. అది 24 శాతం వడ్డీతో సమానం, వదులుకోవద్దు అంటారు మా ఆడిటర్ గారు. రెండు శాతం కోసం డబ్బంతా ఇరికించుకోవడం ఎందుకంటాడు మా బావమరిది. బ్యాంకులో 15 లక్షల సీసీ, అంటే క్యాష్ క్రెడిట్ లిమిట్ ఉంది, 11 శాతం వడ్డీ, 9 లక్షలు వాడకంలో ఉంది. స్టాకు 22 లక్షల దాకా ఉంటుంది. సీసీలోంచి తీసి కట్టమంటారా?

సమాధానం:

కట్టండి. అయితే నాలుగు బిల్లులూ కాదు, రెండు బిల్లులు. అవీ ఒకేసారి కాదు, ఒకదాని తర్వాత ఒకటి. మీ విషయంలో ఆ సీడీ విలువ 24 శాతం కాదు, సుమారు 21 శాతం. 11 శాతం సీసీ మీద అది బాగానే లాభం. కానీ మీ సీసీలో మీరు అనుకుంటున్న 6 లక్షల ఖాళీ నిజానికి లేదు. ఈ రెండు సంగతులూ ఎందుకో లెక్కతో సహా చెబుతాను.

ముందు జీఎస్టీని పక్కన పెట్టి మూల లెక్క చూడండి. వంద రూపాయల బిల్లు. ఈ రోజు కడితే 98, నెల తర్వాత కడితే 100. అంటే డిస్ట్రిబ్యూటర్ మీకు 98 రూపాయలు అప్పిచ్చి, నెల తర్వాత 100 తీసుకుంటున్నాడు. మన ఊళ్లలో వడ్డీ ముందే కోసుకుని చేతికి 98 ఇచ్చి వందకు నోటు రాయించుకునే అప్పు ఇదే. నోటు మీద వంద ఉన్నా మీరు వాడుకున్నది 98 మాత్రమే. కాబట్టి 2ని వందతో కాదు, 98తో భాగించాలి. నెలకు నూటికి 2 రూపాయల 4 పైసలు పడుతుంది. ఏడాదిలో 30 రోజుల గడువులు 365ని 30తో భాగిస్తే 12.17 వస్తాయి. 2.04ని 12.17తో గుణిస్తే 24.83 శాతం. ఆడిటర్ గారు చెప్పిన 24కు మూలం ఇదే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సీడీని కూడా ఆ భాషలోకి మార్చుకుంటే బ్యాంకు వడ్డీ పక్కన పెట్టి చూడటం తేలిక. "రెండు శాతమే కదా" అన్న మాటలో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ రెండు శాతం నెలకు, బ్యాంకు చెప్పే పదకొండు శాతం ఏడాదికి.

కొందరు ఇదే 2 శాతాన్ని చక్రవడ్డీ వేసి 27.9 శాతం అని చెబుతారు. ఆ లెక్కా తప్పు కాదు. కానీ బ్యాంకు మీకు చెప్పిన 11 శాతంలో నెలనెలా ఖాతాలో పడే వడ్డీ మీద వడ్డీ కలిసి లేదు. ఒకవైపు చక్రవడ్డీ వేసి, రెండోవైపు బారువడ్డీ పెట్టి పోల్చకూడదు. రెండింటికీ మామూలు ఏడాది రేటే వాడండి.

ఇప్పుడు మీ అసలు బిల్లు. బేసిక్ 1,50,000, జీఎస్టీ 27,000, మొత్తం 1,77,000. సీడీ బేసిక్ మీద 2 శాతం, అంటే 3,000. సీడీ తీసుకుంటే ఈ రోజు కట్టేది 1,74,000. డిస్కౌంట్ బేసిక్ మీదే వస్తుంది, కానీ మీరు నెల ముందుగా కట్టేది జీఎస్టీతో కలిపిన మొత్తం. 27,000 పన్ను కూడా నెల ముందే మీ చేతి నుంచి వెళ్లిపోతుంది, దాని మీద మీకు డిస్కౌంట్ లేదు. అందుకని 3,000ని 1,47,000తో కాక 1,74,000తో భాగించాలి. 1.724 శాతం వస్తుంది. దాన్ని 12.17తో గుణిస్తే ఏడాదికి 20.98 శాతం. 24.83కీ దీనికీ తేడా దాదాపు నాలుగు శాతం. 18 శాతం పన్ను ఉన్న సరుకు ఏదైనా, సీడీ బేసిక్ మీదే ఇస్తే ఈ కోత తప్పదు. డిస్ట్రిబ్యూటర్ బిల్లు మొత్తం మీద 2 శాతం ఇస్తానంటే మాత్రం 24.83 నిజమవుతుంది. కాబట్టి మొదట అడగాల్సిన మాట: "సీడీ బేసిక్ మీదా, బిల్లు మొత్తం మీదా?"

ఒక్క బిల్లుకు రూపాయల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1,74,000ని 11 శాతానికి 30 రోజులు వాడితే వడ్డీ 1,573 రూపాయలు. సీడీ 3,000. మిగిలేది 1,427. అదే డబ్బు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే వడ్డీ 3,480, అంటే 480 నష్టం. "రెండు శాతం సీడీ, రెండు రూపాయల వడ్డీ, సరిసమానం కదా" అనిపించే చోట నష్టం ఇలా వస్తుంది, ఎందుకంటే వడ్డీ పన్ను మీద కూడా కడుతున్నారు, సీడీ పన్ను మీద రావడం లేదు. రూపాయిన్నర వడ్డీకి తెస్తే 2,610 పోయి 390 మిగులుతుంది. ఆ 390 కోసం చేతి అప్పు చేయడం నా దృష్టిలో అనవసరం.

సీడీ కాగితం మీద ఎలా చూపిస్తారన్నది కూడా తేల్చుకోండి. బిల్లులోనే తగ్గిస్తే బేసిక్ 1,47,000 అవుతుంది, పన్ను 26,460, మొత్తం 1,73,460. అప్పుడు 1,77,000 నుంచి 1,73,460 తీసేసి 3,540 లాభం అని చాలామంది రాసుకుంటారు. అందులో 540 లాభం కాదు. పన్ను 540 తక్కువ కట్టారు, ఐటీసీ, అంటే కొనుగోలు మీద కట్టిన జీఎస్టీకి మీకు దక్కే క్రెడిట్, కూడా 540 తక్కువే వస్తుంది. నిజమైన లాభం అక్కడా 3,000కే వస్తుంది. రెండో పద్ధతిలో బిల్లు పూర్తి ధరకే వేసి, సీడీకి వేరుగా క్రెడిట్ నోట్ ఇస్తారు. ఆ నోట్‌లో జీఎస్టీ తగ్గించకపోతే, అంటే అది కమర్షియల్ క్రెడిట్ నోట్ అయితే, మీరు తీసుకున్న 27,000 ఐటీసీ అలాగే ఉంటుంది, వెనక్కి తిప్పనక్కర్లేదు. జీఎస్టీతో కలిపి తగ్గించిన నోట్ అయితే ఆ మేరకు ఐటీసీ వెనక్కి తిప్పాలి. నోట్ చేతికి రాగానే అందులో పన్ను గడి ఖాళీగా ఉందో లేదో చూసి అకౌంటెంట్‌కు ఇవ్వండి. నెలాఖరున పోర్టల్‌లో తేడా వచ్చాక వెతుక్కోవడం కన్నా ఇది సులువు.

క్రెడిట్ నోట్ పద్ధతిలో అసలు ప్రమాదం ఆలస్యం కాదు. 3,000 రూపాయలు రెండు నెలలు ఆగి వచ్చినా, 11 శాతం చొప్పున మీకు పోయేది 54 రూపాయలే. ప్రమాదమల్లా అది రాకుండా పోవడం. మీరు 1,77,000 పూర్తిగా కట్టేస్తారు, సీడీ "తర్వాత లెడ్జర్‌లో సర్దుతాం" అంటారు, సేల్స్‌మ్యాన్ మారిపోతాడు, లేదా కంపెనీ స్కీం క్రెడిట్‌లో కలిపేశామంటారు. ఐదు నోట్లలో ఒకటి రాకపోతే మీకు దక్కిన సీడీ 2 కాదు, 1.6 శాతం. ఏడాది రేటు ఒక్కసారిగా 17 శాతం దగ్గరికి పడిపోతుంది. అందుకే కట్టేటప్పుడే కోసుకుని 1,74,000 కట్టే ఏర్పాటు అడగండి. ఒప్పుకోకపోతే బిల్లు నంబరు, కట్టిన తేదీ, రావాల్సిన సీడీ, వచ్చిన నోట్ నంబరు నాలుగు గడులుగా రాసి, నెలకోసారి వాళ్ల లెడ్జర్‌తో సరిచూసుకోండి.

ఇప్పటిదాకా రోజుల్ని 30 అనుకున్నాం. మొత్తం లెక్కను తలకిందులు చేసేది ఈ అంకే. బిల్లు మీద రాసిన గడువు కాదు, మీరు నిజంగా ఎన్నో రోజున కడుతున్నారన్నది కావాలి. పోయిన ఆరు నెలల బిల్లులు తీసి, ప్రతి బిల్లు తేదీకీ డబ్బు మీ ఖాతాలోంచి వెళ్లిన తేదీకీ మధ్య రోజులు రాసుకోండి. చెక్కు ఇచ్చిన తేదీ కాదు, ఖాతాలో తగ్గిన తేదీ. మన వైపు 30 రోజుల అప్పంటే 40, 45 రోజులకు కట్టేవాళ్లే ఎక్కువ, డిస్ట్రిబ్యూటరూ ఏమీ అనడు. మీరు ఇప్పుడు 45వ రోజున కడుతుంటే, సీడీ తీసుకోవడం వల్ల వదులుకునేది 45 రోజులు. అప్పుడు ఏడాది రేటు 20.98 కాదు, 13.98. అరవయ్యో రోజున కడుతుంటే 10.49, అంటే మీ సీసీ వడ్డీ కన్నా తక్కువ, సీడీ తీసుకుంటే నష్టం. మీ 11 శాతానికి సరిహద్దు 57 రోజులు. అంతకన్నా ముందే కట్టే అలవాటు ఉంటే సీడీ మేలు, దాటుతుంటే అప్పే మేలు.

అయితే ఆలస్యంగా కట్టడం ఊరికే వచ్చేదేమీ కాదని కూడా చూడాలి. బిల్లు అడుగున "గడువు దాటితే 24 శాతం వడ్డీ" లాంటి వాక్యం ఉంటుంది. చాలామంది వసూలు చేయరు, కొందరు ఏడాది చివర డెబిట్ నోట్ వేస్తారు. మీ లెడ్జర్‌లో అలాంటిది ఎప్పుడైనా పడిందేమో చూడండి. పడి ఉంటే ఆ వడ్డీని కూడా అప్పు వైపు ఖర్చులో కలపాలి. ఏడాది టర్నోవర్ డిస్కౌంట్‌కు "గడువులో కట్టిన బిల్లులు మాత్రమే" అన్న షరతు ఉంటే ఆ పోయిన డిస్కౌంట్ కూడా అటే కలపాలి. ఇంకొకటి, ఫిట్టింగులు డిస్ట్రిబ్యూటర్ దగ్గర కాకుండా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీ యూనిట్ దగ్గర నేరుగా కొంటుంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటి, ఆర్థిక సంవత్సరం చివరికి బాకీ మిగిలితే, ఆ కొనుగోలు ఖర్చు డబ్బు కట్టిన సంవత్సరంలోనే ఆదాయపు పన్ను లెక్కలో చెల్లుతుంది. కొని అమ్మే వ్యాపారులకు, అంటే మీ డిస్ట్రిబ్యూటర్ లాంటివాళ్లకు, ఈ నిబంధన వర్తించదు.

రోజుల లెక్కకు రెండో కొస సీడీ గడువు. "వెంటనే" అంటే ఏమిటో అడగండి. బిల్లు రోజా, సరుకు అందిన రోజా, ఏడు రోజుల్లోపా? ఏడు రోజులు ఇస్తే ఏడో రోజునే కట్టండి, మొదటి రోజున కాదు. ఏడో రోజున కట్టి 30వ రోజు అప్పును వదులుకుంటే మధ్యలో 23 రోజులే, రేటు 27.36 శాతానికి లేస్తుంది. 3,000 రూపాయలు అవే, డబ్బు వారం ఎక్కువ మీ దగ్గరుంది. దీనికి ఎదురుగా, సరుకు లోడ్ చేయకముందే డబ్బు వేయమంటే, లారీ నాలుగు రోజులకు వస్తుందనుకుంటే, మీరు వదులుకునేది 34 రోజులు, రేటు 18.5కు దిగుతుంది. సరుకు కళ్లతో చూడకముందే డబ్బు పోయిందన్న ప్రమాదం వేరే.

ఎక్సెల్‌లో ఒకసారి పెట్టుకుంటే ఏ పార్టీ ఏ ఆఫర్ చెప్పినా నిమిషంలో తేలుతుంది. B1లో అప్పుకు కట్టే మొత్తం, B2లో సీడీతో కట్టే మొత్తం, రెండూ జీఎస్టీతో కలిపి. B3లో సీడీకి కట్టే రోజు, B4లో మీరు నిజంగా అప్పు కట్టే రోజు, రెండూ బిల్లు తేదీ నుంచి లెక్క.

```
=(B1-B2)/B2*365/(B4-B3)
```

177000, 174000, 0, 30 వేస్తే 0.2098 రావాలి. గడిని శాతంలోకి మార్చుకోండి. సీడీ బిల్లులోనే తగ్గించే పార్టీ అయితే B2లో 173460 వేయకండి, తగ్గిన ఐటీసీ 540 కూడా కలిపి 174000 వేయండి. లేకపోతే రేటు దొంగగా 25 దాకా చూపిస్తుంది.

డిస్ట్రిబ్యూటర్ మెట్లు మెట్లుగా ఆఫర్ ఇస్తే ఈ సూత్రమే పనికొస్తుంది, కానీ మెట్టుకూ మెట్టుకూ మధ్య తేడా చూడాలి. ఉదాహరణకు 7 రోజులకు 2 శాతం, 21 రోజులకు 1.5 శాతం, 30 రోజులకు ఏమీ లేదు అనుకోండి. 2 శాతం పెద్దది కాబట్టి అదే తీసుకుందామనిపిస్తుంది. 21వ రోజున కట్టేది 1,74,750, 7వ రోజున కట్టేది 1,74,000. పద్నాలుగు రోజులు ముందు కట్టినందుకు అదనంగా వచ్చేది 750. ఆ మెట్టు రేటు 11.24 శాతం, మీ సీసీ వడ్డీతో దాదాపు సమానం. అలాంటి ఆఫర్‌లో 21వ రోజే సరైన రోజు. ఆ రెండు వారాలు డబ్బు ఖాళీగా ఉంటే తప్ప ముందుకు జరపక్కర్లేదు.

ఇక మీ సీసీ సంగతి. మీరు 15లో 9 పోను 6 లక్షలు ఉందనుకుంటున్నారు. బ్యాంకు మీకు ఇచ్చేది లిమిట్, డ్రాయింగ్ పవర్ రెండింటిలో ఏది తక్కువో అంత. ఈ డ్రాయింగ్ పవర్‌ను, అంటే డీపీని, మామూలుగా స్టాకులోంచి అప్పుకు కొన్న సరుకు బాకీ తీసేసి, మిగిలిన దానిలో 25 శాతం మార్జిన్ పోను లెక్కిస్తారు. మీ కస్టమర్ల బాకీలను కూడా కలిపే లిమిట్లు ఉంటాయి, మీ శాంక్షన్ లెటర్‌లో చూసుకోండి. స్టాకు మీదే అనుకుంటే, 22 లక్షల్లోంచి నాలుగు బిల్లుల బాకీ 7.08 లక్షలు పోను 14.92 లక్షలు. అందులో 75 శాతం 11.19 లక్షలు. 9 వాడేశారు. ఈ రోజు మీకున్న ఖాళీ 2.19 లక్షలే.

ఇందులో మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. అప్పుకు కొన్న సరుకు డీపీలోకి రాదు, డబ్బు కట్టిన సరుకు వస్తుంది. ఒక బిల్లు నగదుకు మార్చితే సీసీ వాడకం 1.74 లక్షలు పెరుగుతుంది, బాకీ 1.77 లక్షలు తగ్గుతుంది కాబట్టి డీపీ దాని 75 శాతం, అంటే 1.33 లక్షలు పెరుగుతుంది. నికరంగా మీ ఖాళీలోంచి పోయేది 41 వేలే. రెండు బిల్లులకు 82 వేలు. మార్చడం పూర్తయ్యాక వాడకం 12.48 లక్షలు, డీపీ 13.85 లక్షలు, ఖాళీ 1.36 లక్షలు. ఈ మాత్రం ఊపిరి ఉండాలి, ఎందుకంటే కాంట్రాక్టర్లు చెప్పిన రోజుకు కట్టరు.

నాలుగూ మారిస్తే ఏమవుతుందో చూడండి. వాడకం 15.96 లక్షలు, డీపీ 16.5కు పెరిగినా లిమిట్ 15 దగ్గరే ఆగుతుంది. దాదాపు లక్ష తక్కువ. మూడు మారిస్తే వాడకం 14.22, మిగిలేది 78 వేలు. ఒక్క చెక్కు వెనక్కొస్తే ఖాతా లిమిట్ దాటుతుంది, దాటితే అదనపు చార్జీ, మాటిమాటికీ దాటితే రెన్యూవల్ దగ్గర ఇబ్బంది. అందుకే రెండు అన్నాను.

ఒకేసారి వద్దన్నది కూడా డీపీ వల్లే. డీపీ మీరు బిల్లు కట్టిన రోజున పెరగదు, నెలకోసారి స్టాక్ స్టేట్‌మెంట్ ఇచ్చి బ్యాంకు దాన్ని సిస్టంలో ఎక్కించాకే పెరుగుతుంది. పైగా మొదటి నెలలో కొత్త బిల్లు నగదు కడుతుంటే, పోయిన నెల అప్పు బిల్లులు కూడా గడువుకు వస్తాయి. నెలలో రెండువైపులా కట్టాల్సి రావడం షాపులు ఊపిరాడక మధ్యలో మానేసే చోటు. మొదటి నెల ఒక్క బిల్లు మార్చండి. 2.19 లక్షల ఖాళీలోంచి 1.74 పోతుంది, 45 వేలు మిగులుతాయి. స్టేట్‌మెంట్‌లో తగ్గిన బాకీ చూపించండి. అది ఎక్కాక ఖాళీ 1.78 లక్షలకు వస్తుంది. అందులో రెండో బిల్లుకు 1.74 తీస్తే మిగిలేది నాలుగు వేలే. కాబట్టి అమ్మకాల డబ్బు బాగా వచ్చే నెల చూసుకుని, ఖాళీ రెండు లక్షలు దాటాక రెండోది మార్చండి. నెల, రెండు నెలలు ఆలస్యమైనా పోయేది నెలకు 1,427 రూపాయలే, ఖాతా లిమిట్ దాటితే పోయేది అంతకన్నా ఎక్కువ.

ఏడాది రేటు అన్నమాటకు అర్థం కూడా ఇక్కడే కనిపిస్తుంది. 21 శాతం అంటే ఒక్క బిల్లు మీద 21 శాతం రాదు. 1.74 లక్షలు ఏడాది పొడవునా ఆ పనిలోనే తిరుగుతూ ఉండాలి, ప్రతి నెలా 3,000 తెస్తూ ఉండాలి. మూడు నెలలు సీడీ తీసుకుని, నాలుగో నెల డబ్బు బిగిసి మళ్లీ అప్పుకు వెళితే, ఆ నెల సీడీ పోవడంతో ఆగదు. బాకీ మళ్లీ పెరిగి డీపీ తగ్గుతుంది. మీరు స్థిరంగా నిలబెట్టుకోగలిగినన్ని బిల్లులే మార్చాలి. రెండు బిల్లుల మీద నెలకు 6,000 సీడీ, సుమారు 3,150 వడ్డీ పోను 2,850 మిగులుతుంది. ఏడాదికి 34 వేలు. సొంత డబ్బు పెట్టి కట్టగలిగితే వడ్డీ పోదు, ఆ డబ్బు ఎఫ్‌డీలో ఉంటే వచ్చేదాన్ని మాత్రం తీసేసి చూసుకోండి.

మీ బావమరిది మాటలో నిజం లేకపోలేదు. డబ్బు ముందే కట్టేస్తే పగిలిన పైపులు, తక్కువ వచ్చిన ఫిట్టింగులు, తిరిగి పంపే సరుకు తేలేదాకా డిస్ట్రిబ్యూటర్ వెనక తిరగాల్సింది మీరే. అప్పు బిల్లులో అయితే ఆ మేరకు ఆపి కడతారు. దీన్ని కూడా లెక్కలోకి తేవచ్చు. పోయిన ఏడాది క్లెయిములు ఎంత వచ్చాయో, అందులో ఎన్ని మంజూరయ్యాయో చూడండి. నెలకు సగటున బిల్లుకు 500 రూపాయల క్లెయిము ఉండి, నగదు బిల్లుల్లో అది వదులుకోవాల్సి వస్తుందని అనిపిస్తే, సీడీ 3,000 కాదు 2,500 అనుకోండి. రేటు 17.5 శాతం అవుతుంది, ఇంకా లాభమే. అందుకని క్లెయిములు ఎక్కువ వచ్చే ఫిట్టింగుల బిల్లులు అప్పు మీదే ఉంచి, పైపుల బిల్లులు నగదుకు మార్చడం మంచిది.

ఇంకో మాట తరచుగా వినపడుతుంది: "సరుకు నెలలో అమ్ముడుపోయి డబ్బు వస్తుంది, దానితోనే అప్పు తీరుస్తాం, కాబట్టి అప్పే చవక." సరుకు ఎన్ని రోజుల్లో అమ్ముడుపోతుందన్నది ఈ నిర్ణయానికి సంబంధం లేని విషయం. పది రోజుల్లో పోయినా, తొంభై రోజులు గోడౌన్‌లో ఉన్నా, 3,000 వస్తుందా పోతుందా అన్నది మీరు కట్టే రోజును బట్టే తేలుతుంది. అమ్మకం వేగం చూడాల్సింది ఒక్కచోట. సీడీ వస్తోందని అవసరానికి మించి రెండు నెలల సరుకు దింపుకోవద్దు. అదనపు నెల పాటు గోడౌన్‌లో పడి ఉండే సరుకు మీద పడే వడ్డీ సీడీలో సగానికి పైగా తినేస్తుంది, రేట్లు తగ్గితే ఆ నష్టం మీదే.

పాత రేటుకే సీడీ ఇస్తున్నారా అన్నది కూడా చూడాలి. సీడీ మొదలైన నెల నుంచి బేసిక్ రేటు ఒక శాతం పెంచి, దాని మీద రెండు శాతం తగ్గిస్తే మీకు నిజంగా వచ్చేది ఒక శాతమే. ఒక శాతం సీడీ మీ బిల్లుకు ఏడాది రేటులో దాదాపు 10.4, అది సీసీ వడ్డీకి కూడా సరిపోదు. పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి, ఎక్కువగా పోయే నాలుగు సైజుల పైపులకు రేటు సరిచూడండి. కంపెనీ రేటు లిస్టు మారి ఉంటే ఆ ప్రాంతంలో మరో డిస్ట్రిబ్యూటర్ రేటుతో పోల్చండి.

"క్యాష్" అన్న పదాన్ని పట్టుకుని నోట్లు కట్టమంటే కట్టకండి. ఒక రోజులో ఒకరికి పదివేలకు మించి నోట్లలో కడితే ఆ కొనుగోలు ఆదాయపు పన్నులో ఖర్చుగా చెల్లదు, మీ 1.74 లక్షల మీద పన్ను పడితే సీడీ ఏ మూలకూ చాలదు. నెఫ్ట్‌లోనో ఆర్‌టీజీఎస్‌లోనో కట్టి, రిఫరెన్స్ నంబరు బిల్లు మీద రాసి ఉంచండి.

మాట మీద మొదలుపెట్టే ముందు డిస్ట్రిబ్యూటర్ నుంచి మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఈ సంగతులు రాయించుకోండి: సీడీ ఎంత శాతం, బేసిక్ మీదా మొత్తం మీదా, గడువు బిల్లు తేదీ నుంచా సరుకు అందిన తేదీ నుంచా, డబ్బు ఖాతాలో పడిన రోజే లెక్కా, సీడీ కోసుకుని కట్టొచ్చా, క్రెడిట్ నోట్ అయితే ఎన్ని రోజుల్లో ఇస్తారు, కొన్ని బిల్లులకు సీడీ, కొన్నింటికి అప్పు అన్నది ఒప్పుకుంటారా. చివరిది ముఖ్యం. కొందరు "సీడీ పార్టీ" అయితే అన్ని బిల్లులూ నగదే అంటారు. మీ డిస్ట్రిబ్యూటర్ అలా పట్టుబడితే, ఇప్పుడున్న 15 లక్షల లిమిట్‌తో ఒప్పుకోకండి. రెన్యూవల్‌లో లిమిట్ 18 లక్షలకు పెంచుకున్నా డీపీ 16.5 దగ్గర ఆగుతుంది కాబట్టి నాలుగు బిల్లులకు మిగిలే ఖాళీ 54 వేలే. స్టాకు పెరిగితేనో, సొంత డబ్బు లక్ష, లక్షన్నర ఖాతాలో వేయగలిగితేనో అప్పుడు మళ్లీ లెక్క వేసుకోండి.